ఎరువులు, విత్తనాలు, మందుల బిల్లుల ఫొటోల నుంచి పంట ఖర్చు షీటు: చేత్తో కొట్టాలా, లెన్స్‌తో తీయాలా, ఎక్సెల్‌కి ఇవ్వాలా?

మా పెదనాన్నకి జనగామ దగ్గర నాలుగున్నర ఎకరాలు ఉంది. పోయిన వానాకాలం మూడు ఎకరాల్లో పత్తి, ఎకరంన్నరలో వరి వేశాడు. నవంబర్‌లో పత్తి అమ్ముకొచ్చాక "బిడ్డా, ఈసారి పత్తికి మందుకట్టలకే ఎంతయిందో లెక్క తీసి చెప్పు" అని ఐదు బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. మందుకట్టలంటే మా దగ్గర ఎరువుల బస్తాలు. ఐదు బిల్లులే కదా, పది నిమిషాల పని అనుకుని కూర్చుంటే సాయంత్రమైంది. మొదట వచ్చిన మొత్తం, చివరికి తేలిన మొత్తం మధ్య దాదాపు ఐదు వేల తేడా. ఆ తేడా ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఏ పద్ధతి ఎవరికి సరిపోతుందో కూడా తెలుస్తుంది. అందుకే ఆ ఐదు బిల్లులనే పట్టుకుని చెప్తాను.

ముందు ఏం చూసుకోవాలి

ఏ యాప్ మంచిది అని మొదలుపెడితే ఈ పని తెగదు. మీ దగ్గరున్న బిల్లులు ఎలాంటివో ముందు చూడండి. మన షాపుల్లో మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి కంప్యూటర్ బిల్లు. ఇంగ్లిష్‌లో, గడులు గీసి, జీఎస్టీ విడిగా చూపించి ఉంటుంది. రెండోది ఎరువులకి వేలిముద్ర పెట్టించుకునే పాస్ మెషీన్ నుంచి వచ్చే చిన్న చీటీ. అది వేడికి అచ్చు పడే కాగితం, చొక్కా జేబులోనో ట్రాక్టర్ మీదో రెండు నెలలుంటే తెల్లబడిపోతుంది. మూడోది షాపాయన ప్యాడ్ మీద పెన్నుతో రాసిచ్చేది. దాంట్లో "యూరియ 6", "డిఎపి 2" అని ఉంటుంది, పక్కన ఒక మొత్తం ఉంటుంది, అంతే.

చూసుకోవాల్సిన రెండో సంగతి, సీజన్‌కి ఎన్ని బిల్లులు వస్తాయి. నాలుగైదు ఎకరాల రైతుకి పది, పదిహేను దాటవు. రైతు ఉత్పత్తిదారుల సంఘం లెక్కలు చూసేవాళ్ళకి వందల్లో వస్తాయి. ఈ ఇద్దరికీ ఒకే సలహా చెప్పేవాళ్ళని నమ్మకండి.

మూడోదే అసలుది. కొన్న సరుకు ఏ పంటకి, ఏ సీజన్‌కి పోయిందో ఎవరు చెప్తారు? బిల్లు చెప్పదు. దాని మీద కొన్న తేదీ ఉంటుంది గానీ వేసిన చేను పేరు ఉండదు. ఫొటోలోంచి అక్షరాలు లాగే ఏ పద్ధతైనా ఈ ఒక్క గడి దగ్గర ఆగిపోతుంది. దీన్ని మీరు ఎలా నింపుతారన్నదాన్ని బట్టే మిగతా ఎంపిక చేసుకోవాలి.

ఆ ఐదు బిల్లులు

| బిల్లు | తేదీ | రకం | సరుకు | మొత్తం (రూ.) |
|---|---|---|---|---|
| 1 | మే 28 | కంప్యూటర్ | పత్తి విత్తనం 6 ప్యాకెట్లు, వరి విత్తనం 2 సంచులు | 7,306 |
| 2 | జులై 5 | కంప్యూటర్ | డీఏపీ 4, యూరియా 4 | 6,466 |
| 3 | ఆగస్టు 5 | కంప్యూటర్ | ఫ్లోనికామిడ్ 3 ప్యాకెట్లు, కార్టాప్ గుళికలు 3 సంచులు | 3,540 |
| 4 | ఆగస్టు 20 | ప్యాడ్ బిల్లు, దానికి పాస్ చీటీ | యూరియా 6, నానో యూరియా సీసా 1 | 1,824 |
| 5 | సెప్టెంబర్ 28 | ప్యాడ్ బిల్లు | డీఏపీ 2, యూరియా 3 | 3,499.50 |

ధరలు మీకు తెలిసినవే. 2025లో బీజీ-2 పత్తి ప్యాకెట్ 901, డీఏపీ బస్తా 1,350, 45 కిలోల యూరియా 266.50. నానో యూరియా సీసా అడగకుండానే వచ్చింది, అది తీసుకుంటేనే యూరియా అన్నాడట షాపాయన. దాని మీద నాకు కోపమున్నా ఖర్చు ఖర్చే కాబట్టి షీటులో రాయాల్సిందే.

ఇప్పుడు ఒక్కో పద్ధతికి ఈ ఐదింటినీ ఇచ్చి చూద్దాం.

చేత్తో కొట్టుకోవడం

గూగుల్ షీట్ తెరిచి, ఫొటో పక్కన పెట్టుకుని, ఒక్కో వరుస కొట్టడం. చాలామంది దీన్ని పాత పద్ధతి అని పక్కన పెడతారు కానీ లెక్క వేయండి. పై ఐదు బిల్లుల్లో ఉన్నవి మొత్తం పది సరుకులు. వాటిని పంటలవారీగా విడగొడితే పద్నాలుగు వరుసలయ్యాయి. అలవాటున్న చేతికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. నాకు సాయంత్రం దాకా పట్టింది కొట్టడానికి కాదు, పెదనాన్నకి నాలుగుసార్లు ఫోన్ చేసి "ఆ డీఏపీ దేనికేసినవ్" అని అడగడానికి. ఆ అడగడం ఏ పద్ధతిలోనూ తప్పదు.

చేత్తో కొట్టడంలో ఉన్న పెద్ద లాభం, వరుస కొడుతున్నప్పుడే "ఇది ఎక్కడికి పోయింది" అన్న ప్రశ్న తగులుతుంది. నాలుగో బిల్లు దగ్గర అలాగే దొరికింది. అదే రోజు పాస్ మెషీన్ చీటీలో యూరియా 6 బస్తాలు, 1,599 రూపాయలు. ప్యాడ్ బిల్లులో కూడా యూరియా 6 బస్తాలు, దాని కింద నానో సీసా. రెండూ వేర్వేరు ఫొటోలుగా వచ్చాయి కాబట్టి మొదట రెండూ ఎక్కించేశాను. ఒకటే తేదీ, ఒకటే బస్తాల సంఖ్య చూసి అనుమానమొచ్చి అడిగితే "ఒక్కసారే తెచ్చిన బిడ్డా, మెషీన్ చీటీ ఒకటి, చేతి చీటీ ఒకటి ఇచ్చిండు" అన్నాడు. ఎరువుల బిల్లులతో లెక్క చేసే ప్రతివాళ్ళూ ఈ గుంటలో ఒకసారి పడతారు. తేదీ ప్రకారం వరుసలు సర్దుకుని, ఒకే రోజు ఒకే సరుకు రెండుసార్లు కనబడితే ఆగి అడగండి.

నష్టం కూడా ఉంది. యాభై బిల్లులు దాటాక కళ్ళు మొరాయిస్తాయి, 1,350ని 1,530 అని కొడతాం.

గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీసుకోవడం

ఫోన్‌లో ఫొటో తెరిచి లెన్స్ నొక్కి, అక్షరాలు ఎంచుకుని కాపీ చేసి షీటులో పెట్టడం. ఖర్చేమీ లేదు, తెలుగు అచ్చు కూడా చదువుతుంది. కంప్యూటర్ బిల్లుల్లో అక్షరాలు బాగానే వస్తాయి. చిక్కు ఎక్కడంటే గడులు నిలవవు. సరుకుల పేర్లన్నీ ఒక దొంతరగా, సంఖ్యలన్నీ ఇంకో దొంతరగా వచ్చి పడతాయి, ఏ రేటు ఏ సరుకుదో మళ్ళీ మనమే కలుపుకోవాలి. రెండు వరుసల బిల్లుకి అది పర్వాలేదు. పన్నెండు వరుసల బిల్లుకి చేత్తో కొట్టడమే నయమనిపిస్తుంది.

చేతిరాత దగ్గర దీన్ని నమ్మొద్దు, తెలుగు చేతిరాత అయితే మరీ. ఐదో బిల్లులో "డిఎపి 2" పక్కనున్న 2700లో ఏడుని ఒకటిగా చదివింది. 2,100 కూడా నిజం లాగే కనబడే అంకె కాబట్టి కంటికి దొరకదు.

నేను లెన్స్ వాడేది ఒక్క పనికే. పురుగుమందుల పేర్లు, బ్యాచ్ నంబర్లు కొట్టడం నరకం కదా, వాటిని మాత్రం కాపీ చేసుకుంటాను. అంకెలు నేనే కొడతాను. మందు పనిచేయలేదనో విత్తనం మొలవలేదనో రేపు ఫిర్యాదు చేయాల్సొస్తే బ్యాచ్ నంబరు, లాట్ నంబరు అడుగుతారు, అందుకని అవి షీటులో ఉండటం మంచిదే.

ఎక్సెల్‌లో ఫొటో నుంచి పట్టిక

మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ మొబైల్ యాప్‌లో `Data from Picture` అని ఉంటుంది. ఫొటో తీస్తే గడులతో సహా పట్టిక చేసి ఇస్తుంది, తనకి అనుమానమున్న గడులని రంగు వేసి చూపించి సరిచూడమంటుంది. ఈ సరిచూడమనడమే దీంట్లో నాకు బాగా నచ్చింది. అయితే ఇది ఇంగ్లిష్ లాంటి లాటిన్ లిపి భాషలకే. తెలుగులో అచ్చేసిన బిల్లు దీనికి ఇవ్వకండి, ప్యాడ్ బిల్లు అసలే వద్దు. మన ఐదింటిలో మూడు దీనికి సరిపోతాయి, నాలుగు, ఐదు బయటే మిగిలిపోతాయి. ఆ రెంటినీ ఎలాగూ చేత్తో కొట్టాలి కాబట్టి మా పెదనాన్న లాంటి రైతుకి దీంతో మిగిలే సమయం పది నిమిషాలు కూడా ఉండదు.

దీంట్లో ఇంకో చిక్కుంది. ఇది ప్రతి గడినీ తెస్తుంది. తెచ్చిన గడుల్లో ఏది మన ఖర్చో అది చెప్పదు. మూడో బిల్లులో ఫ్లోనికామిడ్ రేటు 600 అని, పక్కన పన్ను 18 శాతం 108 అని, చివర్న 708 అని ఉంది. మూడు ప్యాకెట్లని 600తో గుణిస్తే 1,800. నిజంగా కట్టింది 2,124. ఎరువుల బిల్లులో ఇదే తప్పు చిన్నగా ఉంటుంది. పన్ను 5 శాతమే కాబట్టి యూరియా రేటు 253.81 అని, పన్నుతో 266.50 అని కనబడుతుంది. విత్తనానికి పన్నే లేదు కాబట్టి అక్కడ తేడా రాదు. అందుకే ఈ తప్పు విత్తనాల బిల్లు దగ్గర కనబడకుండా తప్పించుకుని, మందుల బిల్లు దగ్గర పెద్దగా కొడుతుంది. రేటు గడిని వదిలేసి చివరి మొత్తం గడినే తీసుకోండి.

కంప్యూటర్ బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అచ్చయి ఉంటే దాన్ని పారేయకండి. 3102తో మొదలైతే యూరియా లాంటి నత్రజని ఎరువు, 3105 అయితే డీఏపీ, కాంప్లెక్స్‌లు, 3808 అయితే పురుగు, తెగులు, కలుపు మందులు. కంపెనీ పేరు చూసి అది ఏమిటో తెలియని సరుకుని ఏ గడిలో వేయాలో ఈ నాలుగంకెలు చెప్తాయి. కోడ్ లేని బిల్లులూ చాలానే ఉంటాయి, అప్పుడు సీసా ఫొటో అడగడమే.

గూగుల్ ఫారమ్‌తో, కొన్న రోజే

ఇది బిల్లు చదివే పద్ధతి కాదు. కానీ నేను ఈ యాసంగికి మారింది దీనికే. ఒక ఫారమ్‌లో ఐదు ప్రశ్నలు: బిల్లు ఫొటో, ఏ పంటకి, ఏ సీజన్‌కి, బిల్లు మొత్తం, నగదా ఉద్దెరా. పంట, సీజన్ టైప్ చేయక్కర్లేకుండా నొక్కి ఎంచుకునేలా పెట్టాను. నింపగానే ఒక వరుస షీటులోకి, ఫొటో నా డ్రైవ్‌లోకి వస్తాయి. ఫొటో పెట్టాలంటే నింపేవాళ్ళ ఫోన్‌లో గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి, పెదనాన్న ఫోన్‌లో అది ఉంది కాబట్టి సరిపోయింది.

సరుకుల వరుసలు మళ్ళీ నేనే కొట్టుకుంటాను. కానీ "దేనికేసినవ్" అని నవంబర్‌లో ఫోన్ చేసే పని ఉండదు. కొన్న రోజు అడిగితే సరిగ్గా చెప్తాడు, నాలుగు నెలల తర్వాత అడిగితే అందాజుగా చెప్తాడు.

ఫారమ్ అంటే మొహం తిప్పుకునే వాళ్ళుంటే ఇంకా తేలికైన దారి ఉంది. షాపులోనే బిల్లు మీద ఖాళీ చోట పెన్నుతో "పత్తి 3, వరి 1" అని రాసి అప్పుడు ఫొటో తీయడం. ఫొటోని మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే వాట్సాప్ దాన్ని కుదించేసి చిన్న అంకెలు మసకబారుతాయి. పాస్ చీటీకైతే ఇంటికొచ్చేదాకా ఆగొద్దు, అక్కడే తీసేయాలి.

పక్కపక్కన పెడితే

| | చేత్తో | లెన్స్ | ఎక్సెల్ | ఫారమ్ |
|---|---|---|---|---|
| కంప్యూటర్ బిల్లు | బాగు | అక్షరాలు బాగు, గడులు చెదురుతాయి | చాలా బాగు | ఫొటో భద్రం, వరుసలు మనమే |
| ప్యాడ్ బిల్లు | ఇదే దారి | నమ్మొద్దు | వద్దు | ఫొటో భద్రం, వరుసలు మనమే |
| తెలుగు అచ్చు | బాగు | చదువుతుంది | చదవదు | సంబంధం లేదు |
| పంట, సీజన్ | అడిగి రాయాలి | అడిగి రాయాలి | అడిగి రాయాలి | అప్పుడే వచ్చేస్తుంది |
| సీజన్‌కి ఎన్ని బిల్లుల దాకా | సుమారు 20 | పేర్ల కోసమే | ఎన్నైనా, కంప్యూటర్ బిల్లులైతే | ఎన్నైనా |

తేదీ అనే దొంగ

ఏ పద్ధతి ఎంచుకున్నా షీటులోకి వచ్చాక ఇది తగులుతుంది. మూడో బిల్లు మీద 05/08/2025 అని ఉంది. మనకది ఆగస్టు 5. షీటు అమెరికా అమరికలో ఉంటే దాన్ని మే 8 అని చదువుకుంటుంది. తప్పని చెప్పదు కూడా, ఎందుకంటే మే 8 కూడా ఉన్న తేదీయే. తేదీని బట్టి సీజన్ వేసే సూత్రం పెట్టుకున్నారంటే ఈ మందులు పోయిన యాసంగి ఖాతాలోకి వెళ్ళిపోతాయి. గూగుల్ షీట్‌లో `File > Settings > Locale` దగ్గర India అని పెట్టి మొదలుపెట్టండి. మే నెలలో పత్తి మీద పిచికారీ కనబడితే ఇదే జరిగిందని గుర్తు, అప్పటికి చేనులో మొలకే ఉండదు.

ఇదే అమరిక 10-26-26 కాంప్లెక్స్‌తో కూడా ఆడుకుంటుంది. అమెరికా అమరికలో అది 2026 అక్టోబర్ 26 అయిపోతుంది. ఎరువు పేరున్న గడిలో తేదీ చూసి నేను చాలాసేపు బుర్ర గోక్కున్నాను. సరుకు పేరు గడిని ముందే `Plain text` చేసిపెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

అసలు తేదీని బట్టి సీజన్ వేయడమే నాకు ఇష్టం లేదు. ఐదో బిల్లే చూడండి. సెప్టెంబర్ 28, క్యాలెండర్ ప్రకారం పక్కా వానాకాలం. కానీ ఆ యూరియాలో ఒక్క బస్తానే పత్తికి పడింది. మిగతా రెండు యూరియాలు, రెండు డీఏపీలు యాసంగి కోసం ముందే తెచ్చి పెట్టుకున్నాడు, అక్టోబర్‌లో దొరకవేమోనన్న భయంతో. వాటి విలువ 3,233 రూపాయలు. వాటిని వానాకాలం పత్తి మీద వేస్తే పత్తి నష్టంలో కనబడుతుంది, యాసంగి మక్కజొన్న ఫ్రీగా పండినట్టుంటుంది. మిర్చి వేసేవాళ్ళకి ఇది ఇంకా చిక్కు. మొక్క వానాకాలంలో నాటితే కోతలు వేసవి దాకా సాగుతాయి, జనవరిలో కొట్టిన మందు కూడా అదే పంటది. కాబట్టి సీజన్ అంటే బిల్లు తేదీ కాదు, ఆ పంట ఏ సీజన్‌లో వేశారో అది. యాసంగి పేరు రాసేటప్పుడు "యాసంగి 2025-26" అని రెండు సంవత్సరాలూ రాయండి, లేకపోతే జనవరి బిల్లులు ఒక పేరుతో, నవంబర్ బిల్లులు ఇంకో పేరుతో పడతాయి.

షీటు ఎలా ఉండాలి

నా షీటులో గడులు ఇవే: తేదీ, బిల్లు నంబరు, సీజన్, పంట, సరుకు, రకం, ఎన్ని, యూనిట్, కట్టిన మొత్తం, ఫొటో లింక్. ఒక బిల్లులో ఒక సరుకు రెండు పంటలకి పోతే రెండు వరుసలు రాస్తాను. రెండో బిల్లులో డీఏపీ 4 అలాగే పత్తికి 3, వరికి 1గా విడిపోయింది.

మొత్తాలు తీయడానికి ఒకే సూత్రం చాలు:

```
=SUMIFS(I:I, C:C, "వానాకాలం 2025", D:D, "పత్తి")
```

దీని కంటే ముందు పెట్టుకోవాల్సింది బిల్లు సరిపోయిందా చూసే సూత్రం. మూడో బిల్లు అడుగున 3,540 అని ఉంది, షీటులో దాని వరుసలన్నీ కలిపితే అంతే రావాలి:

```
=SUMIFS(I:I, B:B, 3) - 3540
```

సున్నా వస్తే సరే. పన్ను వదిలేసి రేటుతో వేస్తే ఇక్కడ -540 వస్తుంది, అక్కడే దొరికిపోతుంది. 2700 కాస్తా 2100 అయినా ఇక్కడే దొరుకుతుంది. దీనికి దొరకనిది జంట బిల్లు. ప్యాడ్ చీటీ, పాస్ చీటీ దేనికది సరిగ్గానే ఉంటాయి కాబట్టి రెంటికీ సున్నానే వస్తుంది.

పెదనాన్న లెక్క చివరికి ఇలా తేలింది. ఫొటోలన్నీ చూసినవి చూసినట్టు కూడితే 24,234.50. జంటగా పడ్డ యూరియా 1,599 తీసేసి, యాసంగికి దాచిన 3,233 పక్కకి జరిపితే వానాకాలానికి 19,402.50. అందులో పత్తికి 13,404, అంటే ఎకరానికి 4,468. వరికి 5,998.50, అంటే ఎకరానికి 3,999. మొదటి లెక్క మొత్తం మీద ఇరవై ఐదు శాతం ఎక్కువ చూపించింది. నేను మొదట ఆ లెక్కే పెదనాన్నకి చెప్పి ఉంటే వచ్చే ఏడు పత్తి మానేసేవాడేమో.

ఇంకొకటి. మొదటి బిల్లు ఉద్దెర. పత్తి అమ్మాక నవంబర్ చివర్లో కట్టాడు, నూటికి నెలకి రెండు రూపాయల లెక్కన ఆరు నెలలకి వడ్డీ 876.72. ఇది ఏ బిల్లు మీదా అచ్చవ్వదు, షాపాయన ఖాతా పుస్తకంలో ఉంటుంది. దీన్ని "వడ్డీ" అని వేరే రకంగా రాసి, విత్తనాల నిష్పత్తిలో పత్తికి 648.72, వరికి 228 పంచాను. విత్తనం ధరలో కలిపేస్తే వచ్చే ఏడు ధరలతో పోల్చినప్పుడు విత్తనమే పెరిగినట్టు కనబడుతుంది.

మరి మీకేది

సొంత పొలం, సీజన్‌కి ఇరవై బిల్లుల లోపు, సగం ప్యాడ్ బిల్లులు అయితే చేత్తోనే కొట్టండి. ఎక్సెల్ ఫొటో నేర్చుకోవడానికి పట్టే సమయంలో సీజన్ మొత్తం కొట్టేయొచ్చు.

మీరు హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఊళ్ళో నాన్న బిల్లులు చూసేవాళ్ళయితే ఫారమ్. అది కుదరకపోతే పెన్నుతో పంట పేరు రాసిన ఫొటో, దాంతో పాటు ఒక వాయిస్ మెసేజ్. వారానికోసారి కూర్చుని ఎక్కించుకోండి, సీజన్ చివరికి పెట్టుకోకండి.

కౌలు రైతుకి నేను చెప్పేది కొంచెం వేరు. ఖర్చులో సగం భూమి యజమాని పెట్టుకునే ఒప్పందం ఉంటే షీటుని ఆయన నమ్మాలి కాబట్టి ప్రతి వరుసకీ ఫొటో లింక్ ఉండాల్సిందే. ప్యాడ్ చీటీ తీసుకుని ఊరుకోకుండా నంబరున్న పక్కా బిల్లు అడగండి. ఎరువులకైనా విత్తనాలకైనా మందులకైనా బిల్లివ్వడం డీలర్ బాధ్యత. ఇక్కడ ఏ పద్ధతిలో ఎక్కించారన్నది రెండో మాట, ఏ బిల్లు దాచారన్నది మొదటి మాట.

సంఘం లెక్కలు చూసేవాళ్ళు, ఒకే డీలర్ దగ్గర నలభై యాభై వరుసల కంప్యూటర్ బిల్లులు వచ్చేవాళ్ళు ఎక్సెల్ వాడండి. వాళ్ళకి అసలు నేను చెప్పేది ఫొటో కంటే ముందు మాట: డీలర్ కంప్యూటర్‌లో ఆ బిల్లు ముందే ఉంది కదా, ఫైల్‌గా పంపమని అడగండి. చాలామంది పంపుతారు. అప్పుడు ఫొటో చదివించే పనే ఉండదు.

ఈ షీటులో ఉన్నది బిల్లున్న ఖర్చు మాత్రమే. కూలీలు, దున్నుడు, పత్తి తీసే కూలి, కౌలు దీంట్లో లేవు, వాటికి బిల్లులూ రావు. పెదనాన్నకి లెక్క చెప్పగానే అడిగింది కూడా అదే: "మరి పత్తి ఏరినోళ్ళ కూలి ఏది బిడ్డా?" ఈ యాసంగి నుంచి ఫారమ్‌లో "బిల్లు లేదు, నోటి లెక్క" అని ఇంకో గడి చేర్చాను.